అమ్మానాన్నలకు ఉత్తరం రాశాను: ఇంకా బంగారం ఎందుకు వద్దన్నానో. ఇచ్చే ముందు ఒకసారి చూడండి

కృష్ణలంక_అమ్మాయి

ఇంజినీరుగా హైదరాబాద్‌లో పని, ఇల్లు విజయవాడలో. నాన్న ఆర్టీసీలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. అమ్మ ఇంట్లో బట్టలు కుడుతుంది. నేను ఉద్యోగంలో చేరిన రోజు నుంచి ఇంట్లో ఒకటే మాట: ఏడాదికి రెండు కాసులన్నా కొను. నేను నెలకు 15,000 నిఫ్టీ ఇండెక్స్ ఫండ్‌లో పెడుతున్నాను. ఫోన్లో ఈ విషయం ఎత్తితే గొడవే. నాన్న కాగితం మీద ఉన్నదాన్ని మాత్రం రెండుసార్లు చదువుతారు. అందుకే ఉత్తరం రాశాను. వచ్చే ఆదివారం ఇంటికి వెళ్లి ఇవ్వాలి. తప్పులుంటే చెప్పండి. నాన్న లెక్కలో ఒక్క తప్పు పట్టుకున్నారంటే మిగతాది చదవరు.

*అమ్మా, నాన్నా,*

*ఫోన్లో ముగ్గురం ఒకేసారి మాట్లాడేస్తున్నాం. అందుకే రాస్తున్నాను. బంగారం చెడ్డదని నేను ఎప్పుడూ అనలేదు. నా ఇంజినీరింగ్ మూడో ఏడు ఫీజు కట్టింది అమ్మ గాజులు తాకట్టు పెట్టి. అది నేను మర్చిపోలేదు.*

*మొన్న శ్రావణమాసంలో అమ్మతో బీసెంట్ రోడ్డుకు వెళ్లినప్పుడు ఐదు కాసుల గొలుసు చూశాం. ఇంటికొచ్చి లెక్క వేశాను. లెక్క తేలిగ్గా ఉండటానికి గ్రాము పదివేలు అనుకుందాం. 40 గ్రాములకు బంగారం ఖరీదు 4,00,000. తరుగు 14 శాతం అన్నారు కాబట్టి 56,000. మొత్తం మీద జీఎస్టీ 3 శాతం, 13,680. బిల్లు 4,69,680 అవుతుంది. అదే గొలుసు మర్నాడు అమ్మడానికి వెళితే తరుగు డబ్బు రాదు, జీఎస్టీ రాదు. కరిగింపు కింద ఇంకో 2 శాతం కోసుకుంటే చేతికి 3,92,000. ఒక్క రాత్రిలో 77,680 పోయింది. బంగారం ధర దాదాపు 20 శాతం పెరిగితే తప్ప మనం పెట్టింది మనకు తిరిగి రాదు.*

*అదే డబ్బు ఇండెక్స్ ఫండ్‌లో పెడితే మొదటి రోజు పోయేది స్టాంప్ డ్యూటీ, సుమారు 23 రూపాయలు. తర్వాత ఏడాదికి ఖర్చు వెయ్యి రూపాయల లోపు. నిఫ్టీ అంటే మన దేశంలో పెద్ద కంపెనీలు 50. వాటిలో ఏది ఎక్కుతుందో నేను ఊహించక్కర్లేదు. అన్నిట్లో కొంచెం కొంచెం ఉంటుంది. గత 20 ఏళ్లలో నిఫ్టీ బంగారాన్ని దాటేసింది కూడా.*

*ఇంట్లో ఇప్పటికే 200 గ్రాముల బంగారం ఉంది. అంటే 20 లక్షలు ఒకే వస్తువులో. నా పేరున వేరే పెద్దగా ఏమీ లేదు. నేను ఉన్నదాన్ని అమ్మమనడం లేదు. ఇక మీద వచ్చే రూపాయి వేరే చోట ఉండాలంటున్నాను.*

*నాన్నా, ఆ భూముల కంపెనీలో 2012లో మీరు కట్టిన 80,000 మీ మనసులో ఉందని నాకు తెలుసు. ఇది అలాంటిది కాదు. మొదటి ఐదు నెలల్లో నా ఖాతాలో 4,300 నష్టం చూపించింది. మీకు చెప్పలేదు. చెప్పకపోవడం నా తప్పు. ఇక నుంచి ప్రతి నెలా చూపిస్తాను.*

సిప్_శ్రీను

సూపర్ లెటర్. ఒక్కటి కలుపు: ఇండెక్స్ ఎప్పుడూ 15 శాతం ఇస్తుంది, పదేళ్లకు నాలుగు రెట్లు. అది చూస్తే మీ నాన్నగారే డబ్బులు తెచ్చిస్తారు. ఇంకా ధైర్యముంటే స్మాల్ క్యాప్ వెయ్యి.

తెనాలి_వదిన

అమ్మ బంగారం అమ్మేసి షేర్లలో పెడతానంటున్నావా తల్లీ? అది మాత్రం చెయ్యకు. ఆడపిల్లకు ఒంటి మీద ఉన్నదే తనది.

కృష్ణలంక_అమ్మాయి

అమ్మడం లేదు వదినా. ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. కొత్తగా కొనను అంటున్నాను, అంతే.

బ్రాడీపేట_పెద్దాయన

31 ఏళ్లు బ్యాంకులో చేశాను. ఉత్తరం బాగుంది. కానీ నువ్వు భయపడుతున్న ఆ ఒక్క తప్పు అందులో ఉంది. "గత 20 ఏళ్లలో నిఫ్టీ బంగారాన్ని దాటేసింది" అన్న వాక్యం కొట్టెయ్యి. నిజం కాదు.

2005లో పది గ్రాములు ఏడు వేలకు అటూ ఇటూగా ఉంది. 2025 ఏప్రిల్‌లో లక్ష తాకింది. నిఫ్టీ 2005 ఏప్రిల్‌లో 2,000 దగ్గర, 2025 ఏప్రిల్‌లో 24,000 దగ్గర. డివిడెండ్లు కలుపుకున్నా బంగారం పెద్దగా వెనకబడలేదు. ఏ నెల నుంచి ఏ నెలకు లెక్క తీశామన్నదాన్ని బట్టి ఒకసారి ఇది ముందుంటుంది, ఒకసారి అది ముందుంటుంది. మీ నాన్నగారు 2005లో బంగారం ఎంతకు కొన్నారో ఆయనకు గుర్తుండే ఉంటుంది. ఆ ఒక్క వాక్యంతో నీ ఉత్తరం మొత్తం పడిపోతుంది.

శ్రీనూ, "ఎప్పుడూ 15 శాతం" అనడం ఇంకా పెద్ద తప్పు. 2008 జనవరిలో నిఫ్టీ 6,300 దగ్గరుంది. అదే ఏడాది అక్టోబరుకు 2,500 దగ్గరకు పడింది. మళ్లీ 6,300 చూసింది 2013 నవంబరులో. దాదాపు ఆరేళ్లు. ఆ ఆరేళ్లలో బంగారం రెండింతలు దాటింది.

సిప్_శ్రీను

కానీ అంకుల్, 2008లో ఆపకుండా నెలనెలా పెట్టినవాళ్లకు తక్కువ ధరలో యూనిట్లు వచ్చాయి కదా. వాళ్లు ఆరేళ్లు ఆగక్కర్లేదు.

బ్రాడీపేట_పెద్దాయన

ఆ మాట నిజమే, ఒప్పుకుంటాను. ఆపకపోతే. నా కౌంటర్ ముందు 2008 అక్టోబరులో నెలనెలా పెట్టే సిప్ ఆపెయ్యమని ఫారాలు పట్టుకుని నిలబడ్డవాళ్లను చూశాను. కొనసాగించమని వచ్చినవాళ్లు ఎవరూ గుర్తులేరు.

బంగారానికీ అలాంటి కాలం ఉంది. 2012 చివర్లో పది గ్రాములు 31 వేల దగ్గర. 2015 చివరికి 25 వేల దగ్గర. మళ్లీ 31 దాటి నిలబడటానికి 2018 దాకా పట్టింది. నగల రూపంలో కొన్నవాళ్లకైతే తరుగు కలిపితే ఇంకా ఎక్కువ కాలం. ఈమధ్య పెరుగుదల చూసి ఇది ఎవరికీ గుర్తు రావడం లేదు.

కృష్ణలంక_అమ్మాయి

కొట్టేశాను మాస్టారూ. నిజం చెప్పాలంటే ఆ వాక్యం ఎక్కడో చదివింది, నేను లెక్క చూడలేదు. కానీ ఇప్పుడొక చిక్కు. రాబడిలో బంగారం సమానంగా ఉంటే నేను అమ్మకు ఏం చెప్పాలి?

నికార్సు916

నీ ఉత్తరంలో జవాబు ఉంది కదమ్మా. నువ్వు పోల్చాల్సింది బంగారాన్ని, నిఫ్టీని కాదు. నగను, నిఫ్టీని. మాది గుంటూరు లాలాపేట, మూడు తరాలుగా ఇదే పని. పేపర్లో వేసే బంగారం ధర బిస్కెట్‌ది. మీ అమ్మ కొనేది గొలుసు. ఆ రెండింటి మధ్య తేడా ప్రతిసారీ జేబులోంచి పోతుంది.

నువ్వు వదిలేసిన ముఖ్యమైన సంగతి ఒకటుంది. గొలుసు కొని బీరువాలో పెట్టేవాళ్లు తక్కువ. పదేళ్లకోసారి మోడల్ పాతబడిందని మారుస్తారు. మార్పిడికి తెస్తే పాత బంగారానికి పూర్తి ధర ఇస్తాం అని బోర్డు పెడతారు. ఇస్తారు కూడా. కానీ కొత్తదాని మీద తరుగు, జీఎస్టీ మళ్లీ మొదటి నుంచి. పైన డబ్బు వేయకుండా, నువ్వు చెప్పిన 14 శాతం తరుగుతోనే 40 గ్రాములు మారిస్తే కొత్త గొలుసు 34 గ్రాములే వస్తుంది. అది మారిస్తే 29. ఇంకోసారి మారిస్తే 25 లోపు. మూడు మార్పులకు 15 గ్రాములు కరిగిపోయాయి, ఇంట్లో ఒక్కరూ అమ్మలేదు. చాలామంది పైన డబ్బు వేసి బరువు నిలబెట్టుకుంటారు కాబట్టి ఇది కనపడదు.

పనివాడి కష్టం ఉచితం కావాలని నేననడం లేదు. నక్షీ పని చేసేవాడికి ఆ మజూరీ న్యాయం. వేసుకోవడానికి కొనుక్కో, ఆనందంగా కొనుక్కో. దాన్ని పొదుపు అనుకుని కొనకు.

కృష్ణలంక_అమ్మాయి

40 నుంచి 25. ఇది నాకు తెలియదు అన్నా. మా ఇంట్లో అమ్మమ్మ కాసులపేరు కరిగించి నానుతాడు చేయించారు. దాన్ని మళ్లీ ఒకసారి మార్చారు. ఈ పేరా ఉత్తరంలో పెడతాను.

నికార్సు916

అయితే ఇంకోటి. ఇంట్లో 200 గ్రాములు, 20 లక్షలు అని రాశావు. అందులో పాతవి ఎన్ని? హాల్‌మార్క్ తప్పనిసరి అయింది 2021 జూన్ నుంచి. ఆరు అక్షరాల గుర్తింపు కోడ్ హెచ్‌యూఐడీ లేకుండా కొత్త నగ అమ్మకూడదని 2023 ఏప్రిల్ నుంచి. అంతకుముందువి చాలా వరకు నమ్మకం మీద కొన్నవే. 22 క్యారెట్లు అని అమ్మినవి మెషిన్ మీద పెడితే 84 శాతం చూపించినవి నా చేతిలో చాలా పడ్డాయి. డొల్ల పని, అతుకు టాకాలు ఎక్కువున్నవి ఇంకా తక్కువ. అలా ఉంటే నీ 200 గ్రాములు 22 క్యారెట్ల లెక్కలో 183 గ్రాములే. రాళ్ల బరువు, లక్క బరువు వేరే తియ్యాలి. ఒకసారి క్యారెట్ మీటర్ ఉన్న చోట చూపించుకుని, ఆ అంకె రాయి.

పటమట_పవన్

కాసు అంటే ఎనిమిది గ్రాములేగా? మా అత్తగారి వైపు సవర అంటారు, వాళ్లదీ ఎనిమిదే. హైదరాబాద్‌లో తులం అంటే పది. పెళ్లి మాటల్లో ఈ మూడూ కలిసి మా ఇంట్లో పెద్ద గందరగోళం అయింది.

నికార్సు916

ఎనిమిదే. మాటల్లో ఏదన్నా ఒప్పుకోండి, కాగితం మీద గ్రాములే రాయించుకోండి.

మిర్చియార్డ్_రాంబాబు

అందరూ నిఫ్టీ గురించి మాట్లాడుతున్నారు. నాది ఒక రాత్రి సంగతి చెబుతాను. ప్రత్తిపాడు దగ్గర మాకు నాలుగెకరాల మిర్చి. 2020 మార్చిలో మా నాన్నకు గుండెపోటు వచ్చింది. తెల్లారేసరికి రెండున్నర లక్షలు కట్టమన్నారు. కోసిన కాయ యార్డుకు చేరలేదు. మా ఆవిడ గాజులు, హారం తీసుకెళ్లాను. ముప్పావు గంటలో డబ్బు చేతికొచ్చింది. జీతం స్లిప్పు అడగలేదు, ఎవరి సంతకం అడగలేదు. ఆ హారం మీద తరుగు ఎంత పోయిందో నాకు తెలియదు, ఆ రాత్రి అది నాకు అక్కర్లేదు కూడా. ఏటా విత్తనం నాడు బ్యాంకులో పెడతాం, పంట అమ్మాక విడిపిస్తాం. మాకు బంగారమంటే అది. నెల జీతం వచ్చేవాళ్ల లెక్క వేరు.

సిప్_శ్రీను

అన్నా, ఫండ్ యూనిట్ల మీద కూడా లోన్ ఇస్తారు ఇప్పుడు.

బ్రాడీపేట_పెద్దాయన

ఇస్తారు. కానీ రాంబాబు చెప్పిన నెల చూడు. 2020 జనవరిలో 12,400 దగ్గరున్న నిఫ్టీ మార్చి 24న 7,500 దాకా పడింది. ఆ వారంలో ఎవరికన్నా ఆసుపత్రి ఖర్చు వచ్చి ఉంటే 40 శాతం తక్కువకు అమ్ముకోవాలి. తాకట్టు పెట్టినా విలువ పడిపోయింది కాబట్టి సగం కూడా రాదు. అమ్మినా డబ్బు ఖాతాలో పడటానికి రెండు మూడు పనిదినాలు పడుతుంది. నవంబరుకు నిఫ్టీ మళ్లీ పాత చోటికి వచ్చింది, నిజమే. ఆసుపత్రివాళ్లు నవంబరు దాకా ఆగరు.

కాబట్టి అమ్మాయీ, నీ ఉత్తరంలో ఉన్న అసలు లోటు ఇది. అత్యవసరానికి డబ్బు ఎక్కడుందో నువ్వు రాయలేదు. మీ అమ్మగారి భయం రాబడి గురించి కాదు, ఆ రాత్రి గురించి. ఆరు నెలల ఖర్చు ఎఫ్‌డీలో ఉందా?

కృష్ణలంక_అమ్మాయి

1,20,000 ఉంది మాస్టారూ. ఆరు నెలల ఖర్చు అంటే ఇంటికి పంపేదానితో కలిపి 2,40,000 కావాలి.

రాంబాబు అన్నా, మీరు చెప్పింది చదివి చాలాసేపు కూర్చున్నాను. మా అమ్మ గాజులు ఫీజుకు వెళ్లిన రోజు కూడా అలాంటిదే.

బ్రాడీపేట_పెద్దాయన

అయితే ఎనిమిది నెలలు 15,000 ఎఫ్‌డీకి పంపు. అది నిండాక ఫండ్. ఈ సంగతి ఉత్తరంలో మొదటి పేజీలో ఉండాలి.

సిప్_శ్రీను

సిప్ మొత్తం ఆపేయడం నాకు నచ్చలేదు. సగం సగం చెయ్యి. ఇంట్లో 200 గ్రాములు తాకట్టుకు ఉండగా తనకు అంత తొందరేముంది? ఆ బంగారమే అత్యవసర నిధి కదా.

బ్రాడీపేట_పెద్దాయన

అది ఆమె బంగారం కాదు, వాళ్ల అమ్మది. నేను నా మాట మీదే ఉంటాను. అయితే సగం సగం చేస్తే తప్పని మాత్రం అనను.

తెనాలి_వదిన

నాది నెలవారీ స్కీము సంగతి. తెనాలిలో ఒక కొట్టులో నెలకు 5,000 చొప్పున 11 నెలలు కట్టే స్కీములో చేరాను. పన్నెండో నెల వాళ్లు కడతారు, తరుగు లేదు అన్నారు. తొమ్మిదో నెలలో కొట్టుకు తాళం పడింది. 45,000. ఇప్పటికీ కార్డు దాచుకున్నాను. అందుకే ఇలా కాగితం మీద కట్టేది ఏదీ నాకు నమ్మకం లేదు. నువ్వు పెట్టేదీ కాగితమే కదా?

నికార్సు916

వదినా, ఆ స్కీములన్నీ 11 నెలలే ఎందుకుంటాయో తెలుసా? ఏడాది దాటితే అది డిపాజిట్ కిందకు వస్తుంది, కంపెనీల చట్టం అడ్డొస్తుంది. అందుకే ఏడాది లోపు ముగించి "అడ్వాన్సు" అంటారు. మీ డబ్బుకు బ్యాంకులో ఉన్నట్టు బీమా ఏమీ లేదు. కొట్టు మంచిదైతే నగ వస్తుంది, లేకపోతే కార్డు మిగులుతుంది. తరుగు లేదన్నది కూడా చాలా చోట్ల ఒక శాతం వరకే, ఆ పైన ఉన్న మోడళ్లకు తేడా కట్టాలి.

కృష్ణలంక_అమ్మాయి

వదిన అడిగిందే నాన్న అడుగుతారు. భూముల కంపెనీ కూడా పాసుపుస్తకం ఇచ్చింది, ఏజెంటు మా వీధివాడే. "ఇది అలాంటిది కాదు" అని ఒక్క వాక్యం రాసి ఊరుకున్నాను. ఎందుకు కాదో ఎలా చెప్పాలి?

బ్రాడీపేట_పెద్దాయన

మీ నాన్నగారు మెకానిక్ అన్నావు కదా. బండి విప్పి చూపించినట్టు చెప్పు.

ఆ కంపెనీకి డబ్బు ఇచ్చినప్పుడు డబ్బు కంపెనీది అయిపోయింది. ఇన్నేళ్లకు ఇంత ఇస్తామని మాట ఇచ్చారు. ఆ మాట ఒక్కటే మీ నాన్నగారి దగ్గర మిగిలింది. ఇండెక్స్ ఫండ్ ఏ మాటా ఇవ్వదు. ఇంత వస్తుందని చెబితే షేర్ల మార్కెట్‌ను చూసే సెబీ ఊరుకోదు. నువ్వు పెట్టిన డబ్బుతో ఆ 50 కంపెనీల షేర్లు కొంటారు. ఆ షేర్లు ఫండ్ కంపెనీ బీరువాలో ఉండవు, కస్టోడియన్ అని వేరే సంస్థ దగ్గర ట్రస్టు పేరున ఉంటాయి. ఫండ్ కంపెనీ రేపు మూతపడినా ఆ షేర్లు దాని అప్పులవాళ్లకు వెళ్లవు. ధర పడితే నష్టం నీదే, అందులో దాపరికం లేదు. కానీ తాళం వేసుకుని పారిపోవడానికి వాళ్ల చేతిలో డబ్బు ఉండదు.

ఇంకో గుర్తు. ఏజెంటు మీ వీధివాడా కాదా అన్నది కాదు, ఎంత వస్తుందో ముందే కచ్చితంగా చెప్పాడా లేదా అన్నది చూడమను.

పటమట_పవన్

మా బాబాయి సత్యం షేర్లు 500 పెట్టుకున్నాడు. మన తెలుగువాళ్ల కంపెనీ అని. 2009 జనవరి 7న ఒక్కరోజులో ముప్పావు వంతు పోయింది. అప్పటి నుంచి మా ఇంట్లో షేరు అన్న మాటే నిషేధం. ఆ కంపెనీ నిఫ్టీలో ఉన్నదే కదా? మరి 50 పెద్ద కంపెనీలు అంటే భద్రం ఎలా అయింది?

బ్రాడీపేట_పెద్దాయన

మంచి ప్రశ్న. ఉంది. ఆ కొద్ది రోజుల్లోనే తీసేశారు. ఇండెక్స్ ఫండ్ ఉన్నవాళ్లకు కూడా ఆ దెబ్బ తగిలింది, కానీ వంద రూపాయల్లో సత్యం వాటా రెండు రూపాయలకు మించదు. మీ బాబాయికి వందకు వంద అదే. ఆర్నెల్లకోసారి జాబితా చూసి బలహీనపడినవి తీసి వేరేవి పెడుతుంటారు. యస్ బ్యాంకు కూడా 2020 మార్చిలో అలాగే వెళ్లింది. ముందే పసిగట్టి తీయరు, పడ్డాక తీస్తారు.

భద్రం అన్న మాట నేను వాడను. ఆ 50లో మూడో వంతు పైనే బరువు బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలదే. దేశం మొత్తం ఒకేసారి పడితే ఇదీ పడుతుంది. సరిగ్గా అలాంటప్పుడే బంగారం తరచుగా నిలబడుతుంది. అందుకే ఇంట్లో ఉన్న ఆ 200 గ్రాములు ఈ అమ్మాయి ఫండ్‌కు శత్రువు కాదు.

గవర్నరుపేట_స్వాతి

నేనూ ఇదే చేశాను, ఒక పొరపాటుతో. బ్యాంకుకు వెళ్లి ఇండెక్స్ ఫండ్ కావాలన్నాను. మూడేళ్ల తర్వాత స్టేట్‌మెంట్ చూస్తే `Regular Plan` అని ఉంది. అదే ఫండ్ `Direct Plan` లో ఖర్చు తక్కువ. రెండూ అవే 50 షేర్లు. స్టేట్‌మెంట్‌లో ఫండ్ పేరు చివర ఏముందో ఈ రోజే చూసుకో. ఇంకోటి, నామినీ పేరు. నాది ఖాళీగా ఉంది.

కృష్ణలంక_అమ్మాయి

ఇప్పుడే చూశాను అక్కా. `Direct Plan - Growth` అని ఉంది. నామినీ దగ్గర ఖాళీ. అమ్మ పేరు పెడుతున్నాను.

సిప్_శ్రీను

అసలు బంగారం మీద అంత నమ్మకముంటే గోల్డ్ ఈటీఎఫ్ కొనొచ్చు కదా. తరుగు లేదు. లేదా ప్రభుత్వ గోల్డ్ బాండ్లు.

బ్రాడీపేట_పెద్దాయన

బాండ్లు 2024 ఫిబ్రవరి తర్వాత కొత్తగా ఇవ్వలేదు. 2015 నవంబరులో గ్రాము 2,684కు ఇచ్చిన మొదటి విడత 2023లో 6,132కు తీర్చారు, పైన ఏటా వడ్డీ. అప్పుడు కొన్నవాళ్లు అదృష్టవంతులు. ఇప్పుడు పాతవి స్టాక్ ఎక్స్ఛేంజీలో కొనుక్కోవాలి. ఈటీఎఫ్ మంచి దారే, డీమ్యాట్ ఖాతా ఉండాలి.

నికార్సు916

బ్యాంకులో అమ్మే నాణెం మాత్రం వద్దు. అమ్ముతారు గానీ తిరిగి కొనరు. మళ్లీ మా దగ్గరికే రావాలి.

తెనాలి_వదిన

అదంతా సరే. పెళ్లికి ఏం పెట్టుకుంటావమ్మా? ఫోన్లో ఉన్న అంకెలు మెడలో వేసుకుంటావా?

కృష్ణలంక_అమ్మాయి

అమ్మ మాట అచ్చంగా ఇదే వదినా. అమ్మ నగలు ఉన్నాయి, అవి చాలు అన్నది నా మాట. "అవతలివాళ్లు అడిగితే?" అంటుంది. అడిగేవాళ్లను చేసుకోను అంటాను. అక్కడ ఇద్దరం ఆగిపోతాం.

బ్రాడీపేట_పెద్దాయన

అది మీ ఇంటి మాట, నేను చెప్పను. డబ్బు లెక్క వరకు చెబుతాను. పెళ్లి రెండు మూడేళ్లలో అనుకుంటే ఆ ఖర్చుకు కావలసిన డబ్బు ఇండెక్స్‌లో ఉండకూడదు. 2008 లాంటిది ముందు ఏడాది వస్తే మండపానికి అడ్వాన్సు కట్టలేవు. ఏడేళ్లు, పదేళ్లు ముట్టుకోనిదే అందులో పెట్టు.

నికార్సు916

పెళ్లికి నగ కావాలంటే పెళ్లప్పుడే కొనుక్కో. ఇప్పుడు కొన్నది అప్పటికి మోడల్ నచ్చలేదని మారుస్తారు. పైన చెప్పిన 34 గ్రాముల లెక్క మళ్లీ మొదలు.

తెనాలి_వదిన

అప్పటికి ధర రెండింతలైతే?

నికార్సు916

అయితే అవుతుంది వదినా. దానికి నా దగ్గర జవాబు లేదు. 2024 జులైలో దిగుమతి సుంకం 15 నుంచి 6 శాతానికి తగ్గించిన రోజు, ముందు వారం కొన్నవాళ్లు కొట్టు ముందు ఎంత బాధపడ్డారో చూశాను. తర్వాత ఏడాదికి వాళ్లే నవ్వుకుంటూ వచ్చారు. ధర గురించి ముందు చెప్పగలిగినవాణ్ణి నేనింతవరకూ చూడలేదు.

కృష్ణలంక_అమ్మాయి

ఉత్తరం మళ్లీ రాశాను. రాబడి పోలిక తీసేశాను. మారిన భాగం ఇది:

*అమ్మా, రాబడిలో ఏది గెలుస్తుందో నాకు తెలియదు. ఈ 20 ఏళ్లలో మొత్తం మీద బంగారం ఓడిపోలేదు, ఆ విషయంలో నువ్వన్నదే నిజం. కానీ మనం కొన్నది బంగారం కాదు, నగలు. మార్చిన ప్రతిసారీ కొంత కరిగింది.*

*ముందు ఆసుపత్రి లాంటి అవసరానికి 2,40,000 ఎఫ్‌డీలో పెడతాను. ఇప్పుడు సగమే ఉంది. అది నిండేదాకా ఫండ్‌కు నెలకు 5,000, ఎఫ్‌డీకి 10,000. నిండాక మొత్తం ఫండ్‌కు. అందులో పెట్టింది పదేళ్లు తియ్యను. సగానికి పడే రోజు వస్తుంది. వచ్చినప్పుడు మీకు నేనే ముందు చెబుతాను.*

మిర్చియార్డ్_రాంబాబు

ఇది ఇవ్వొచ్చు. మొదటిదానికంటే దీనిలో మీ అమ్మగారు కనపడుతున్నారు.

కృష్ణలంక_అమ్మాయి

ఆదివారం ఇచ్చాను. ఇప్పుడే హైదరాబాద్ చేరాను.

నాన్న భోజనాల బల్ల దగ్గర కూర్చుని పెన్ను పట్టుకుని చదివారు. 77,680 లెక్క కాగితం పక్కన తనే మళ్లీ వేసి చూసుకున్నారు. మార్జిన్‌లో మూడు ప్రశ్నలు రాశారు. నీకేమన్నా అయితే ఈ డబ్బు ఉందని మాకెలా తెలుస్తుంది? ఈ కస్టోడియన్‌ను ఎవరు తనిఖీ చేస్తారు? సగానికి పడిన నెల నీ ఉద్యోగం కూడా పోతే ఏం చేస్తావు? మొదటిదానికి నామినీ చూపించాను, స్టేట్‌మెంట్ ప్రింటు తీసి బీరువాలో పెట్టాను. రెండోదానికి సెబీ అన్నాను, "ఆ కంపెనీకీ ఎవరో ఒకరు ఉన్నారుగా" అన్నారు. మూడోదానికి ఎఫ్‌డీ అన్నాను. "ఆరు నెలలు చాలదు, ఏడాది చెయ్యి" అన్నారు. ఒప్పుకున్నానో లేదో నాకే తెలియదు.

అమ్మ ఉత్తరం మొత్తం చదవలేదు. 40 గ్రాములు 25 అయ్యే చోట ఆగిపోయింది. లేచి వెళ్లి పాత బిల్లుల సంచి తెచ్చింది. అమ్మమ్మ కాసులపేరు ఎంత బరువుండేదో అందులో ఒక చీటీ మీద ఉంది, 52 గ్రాములు. ఇప్పుడు నానుతాడు 38. మధ్యలో అమ్మ పైన డబ్బు కూడా వేసిందట. చాలాసేపు ఆ చీటీ పట్టుకునే కూర్చుంది. ఏడాదికి ఒక కాసు మాత్రం కొనాలని ఇప్పటికీ అంటోంది. కానీ కొక్కెం విరిగిందని వచ్చే నెల మార్చేద్దామనుకున్న నానుతాడును బాగు చేయించడానికి ఒప్పుకుంది. నికార్సు అన్నా, బాగుకు ఇచ్చేటప్పుడు ఏం చూసుకోవాలి?

నికార్సు916

ఇచ్చేముందు నీ కళ్ల ముందే తూకం వేయించి, మిల్లీగ్రాములతో సహా చీటీ రాయించుకో. కొక్కెం విడిగా ఎంత బరువో కూడా. టాకా పడ్డాక మళ్లీ తూకం. రెండింటికీ తేడా ఎందుకొచ్చిందో అక్కడే అడుగు. గుంటూరు వచ్చేట్టుంటే తీసుకురా, అమ్మగారిని కూడా. ఆమె ఎదురుగానే చేసిస్తాను.